పేరు పిలిస్తే బదులు రావాలి: విశాఖలో ఒక హ్యాకథాన్‌కు పేరు పెట్టిన కేస్ స్టడీ

మధురవాడ వైపున్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ సీఎస్ఈ విభాగం నుంచి ఒక లెక్చరర్, ఆయనతోపాటు కోడింగ్ క్లబ్ పిల్లలు నలుగురు వచ్చారు. వాళ్ల దగ్గర ఒక కాగితం ఉంది. పైన "థీమ్: సముద్రం, టెక్నాలజీ. పేరు వినగానే ఊపు రావాలి" అని రాసుంది. కింద వాళ్లు అనుకున్న పేర్లు: సీథాన్, వైజాగ్ ఎక్స్, బ్లూ బైట్స్, కోడ్ తుఫాన్, హ్యాక్ హుద్‌హుద్, కెరటం, పోటు, వేట. చివరికి ఖాయమైన పేరు ఇందులో లేదు. అది "హైలెస్సా హ్యాక్". సంస్థలకూ కార్యక్రమాలకూ పేర్లు పెట్టడం నా వృత్తి. ఈ పేరు దాకా ఎలా వచ్చామో, మిగతావి ఎక్కడెక్కడ ఆగిపోయాయో వివరంగా రాస్తున్నాను. కాలేజీ ఫెస్టులకు పేర్లు వెతికే పిల్లలకు పనికొస్తుంది.

ముందు పేర్ల జోలికి పోలేదు. "సముద్రం" అనేది థీమ్ కాదు, అది చోటు. సముద్రం అంటే బీచ్ టూరిజం కావచ్చు, పోర్టు కావచ్చు, నేవీ కావచ్చు, ప్లాస్టిక్ చెత్త కావచ్చు. ఇన్నింటినీ ఒకే పేరులో ఇరికిస్తే "బ్లూ" లాంటి మాట తప్ప మరేదీ మిగలదు. అందుకే "మీరు పిల్లలకు ఇవ్వబోయే ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లు ఏమిటి, చదవండి" అన్నాను. లెక్చరర్ చదివారు. తుఫాను హెచ్చరిక పడవకు చేరడం, దారి తప్పిన బోటు ఆచూకీ ఒడ్డుకు తెలియడం, చేపల జాడ సమాచారాన్ని మత్స్యకారులకు వాళ్ల మాటల్లో అందించడం. అన్నీ వేటకు సంబంధించినవే. ఇంకా దగ్గరగా చూస్తే అన్నిటి మధ్యలోనూ ఒకటే ఇబ్బంది ఉంది. పడవకూ ఒడ్డుకూ మధ్య మాట నడవడం లేదు.

ఇది నిజంగా ఉన్న సమస్యే. తీరం నుంచి కొంత దూరం పోయాక మొబైల్ సిగ్నల్ అందదు. హైదరాబాద్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ చేపలు దొరికే అవకాశమున్న చోట్ల గురించి, అలల ఎత్తు గురించి సమాచారం ఇస్తుంది. దాన్ని నడిసంద్రంలోని పడవలకు ఉపగ్రహం ద్వారా చేర్చడానికి 2019లో జెమిని అనే పరికరం తెచ్చారు. అయితే అందులో సమాచారం ఒకవైపే నడుస్తుంది. ఒడ్డు చెబుతుంది, పడవ వింటుంది. పడవ నుంచి తిరుగు జవాబు పంపే వీలు అందులో లేదు. పిల్లలకు ఇవ్వాలనుకున్న ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లలో సగం ఆ తిరుగు జవాబు చుట్టూనే ఉన్నాయి. కాబట్టి కాగితం మీద "సముద్రం, టెక్నాలజీ" కొట్టేసి "పడవకీ ఒడ్డుకీ మధ్య మాట" అని రాశాం. పేరు సూచించాల్సింది దీన్నే. ఈ ఒక్క వాక్యం కుదరడానికి పట్టినంత సేపు ఆ తర్వాత ఏ పేరు మీదా పట్టలేదు.

ఇక జాబితా. సీథాన్‌తో మొదలుపెట్టాం, ఎందుకంటే ప్రతి కాలేజీలోనూ మొదట వచ్చే పేరు ఇలాంటిదే. హ్యాకథాన్ అనే మాట 1999లో వాడుకలోకి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో కెనడాలోని కాల్గరీలో ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్ల కూడికను అలా పిలిచారు. అదే నెలలో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు జావావన్ సదస్సులో ఒక పోటీకీ అదే పేరు వాడారు. హ్యాక్‌ను, మారథాన్‌ను కలిపి చేసిన మాట అది. మారథాన్ గ్రీసులో ఒక ఊరి పేరు. అందులోంచి కోసిన "థాన్"కు సొంత అర్థమేమీ లేదు, పక్కనున్న మాట బలంతో బతుకుతుంది. అందుకే దేనికి తగిలించినా "ఇదేదో పోటీ" అని తెలుస్తుంది తప్ప ఏ పోటీయో తెలియదు. 2017లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మొదలైనప్పటి నుంచి మన కాలేజీల్లో హ్యాకథాన్లు బాగా పెరిగాయి. నోటీసు బోర్డు మీద ఇన్ని థాన్‌ల మధ్య ఇంకొక థాన్ కంటికి ఆనదు. పైగా "సీథాన్" అంటే ఏం తోస్తుందని క్లబ్‌లో లేని పిల్లల్ని అడిగిస్తే బీచ్ క్లీనింగ్ అనీ, ఆర్కే బీచ్‌లో పరుగు పందెం అనీ చెప్పారు. పరుగు పందెం అనుకోవడంలో తప్పేమీ లేదు, ఆ తోక వచ్చింది అక్కడి నుంచే.

వైజాగ్ ఎక్స్, బ్లూ బైట్స్ ఇంకో పరీక్షలో పోయాయి. తెలుగువాళ్లు పేరును ఒంటరిగా వాడరు. దానికి కి, లో, తో తగిలిస్తారు. క్యాంటీన్‌లో పిల్లవాడు అనబోయేది "నువ్వు ఫలానా దానికి వస్తున్నావా?" అని. కాబట్టి ప్రతి పేరునూ అలా వాక్యంలో పెట్టి పైకి అనమంటాను. "వైజాగ్ ఎక్స్‌లో మా టీమ్ ఉంది", "బ్లూ బైట్స్‌కి రిజిస్టర్ అయ్యావా?" చివర క్స్, ట్స్ లాంటి సంయుక్తాక్షరం వచ్చి, దాని వెనక విభక్తి పడితే నోరు తడబడుతుంది. అలాంటి పేర్లను పిల్లలు వారం తిరక్కుండానే "ఆ హ్యాకథాన్" అని పిలవడం మొదలుపెడతారు. అలా జరిగిందంటే పేరు పోయినట్టే. "వేటకి వస్తున్నావా?" అన్నప్పుడు మాత్రం గదిలో అందరి ముఖాలూ మారాయి. అది ఎందుకు నిలవలేదో తర్వాత చెబుతాను.

కోడ్ తుఫాన్, హ్యాక్ హుద్‌హుద్ ఊపు కోసం రాసినవి. పిల్లల ఉద్దేశం నాకు అర్థమైంది. తుఫాను అంటే వేగం, బలం. హుద్‌హుద్‌లో శబ్దం కూడా దిట్టంగా ఉంది. కానీ 2014 అక్టోబర్ 12న ఈ ఊరు హుద్‌హుద్ తుఫానును చూసింది. చెట్లు, స్తంభాలు, పైకప్పులు లేచిపోయిన ఊళ్లో, పడవలు పోగొట్టుకున్న వాళ్లనే జడ్జీలుగా పిలిచి, ఆ పేరున్న బ్యానర్ కింద కూర్చోబెట్టడం సరికాదు. ఒక పిల్లవాడు "అది ఊపున్న పేరే కదా సార్" అన్నాడు. ఊపు ఉంది, కాదనను. కానీ ఎవరి నష్టంలోంచి ఆ ఊపు వస్తోందో చూడాలి. విచిత్రమేమిటంటే తుఫాన్లకు పేర్లు పెట్టేవాళ్లే ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. మన ప్రాంతపు తుఫాన్లకు ఈ ప్రాంతంలోని దేశాలే పేర్లు సూచిస్తాయి. ఆ పేరు చిన్నదిగా ఉండాలి, పలకడానికి తేలికగా ఉండాలి, ఎవరినీ నొప్పించకూడదు, ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది అక్షరాలు దాటకూడదు. హ్యాకథాన్‌కు కూడా ఇంతకంటే మంచి నియమావళి నాకు తెలియదు.

కెరటం మంచి మాట. కానీ నెమ్మదైన మాట. ఇక్కడ శబ్దం గురించి కాస్త చెప్పాలి. ధ్వనికీ ఆకారానికీ మనసులో ఏదో పొత్తు ఉందని 1929లో కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ దాన్ని "బూబా, కికి" పేర్లతో మళ్లీ ప్రచారంలోకి తెచ్చారు. మొనదేలిన బొమ్మకు కికి అని, గుండ్రటి బొమ్మకు బూబా అని ఎక్కువమంది పేరు పెడతారు. దీన్ని పట్టుకుని "క, ట, ప ఉంటే చాలు, పేరు చురుగ్గా ఉంటుంది" అనేవాళ్లు ఉన్నారు. కెరటంలో క, ట రెండూ ఉన్నాయి, అయినా చివరి "అం" దగ్గర పెదవులు మూతపడి గొంతు దిగిపోతుంది. నా అనుభవంలో తెలుగు పేరుకు ఊపునిచ్చేవి ఎక్కువగా రెండు. ఒకటి, మధ్యలో ఒత్తు. ద్విత్వాక్షరం దగ్గర ఊపిరి ఒక క్షణం బిగబట్టి వదులుతాం. "పట్టు", "కొట్టు", "ఎత్తు" అనేటప్పుడు ఒంట్లో వచ్చే బిగువు అదే. రెండోది, ఆ మాట ఒక పనిని చేయించేదై ఉండటం. కెరటం అనేది చూసే వస్తువు. లాగమని, ఎత్తమని, రమ్మని అనే మాటలు వేరు.

పోటు ఈ రెండో లెక్కలో దాదాపు నిలిచేది. సముద్రం పొంగడాన్ని పోటు అంటాం, మాట చిన్నది, గట్టిది. కానీ విడిగా వినిపిస్తే మన చెవికి ముందు గుండెపోటు, వెన్నుపోటు తగులుతాయి. తిరుమల తెలిసినవాళ్లకు లడ్డూలు చేసే వంటశాల గుర్తొస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో potu అని రాస్తే ట, త తేడా పోయి "పోతు" అని చదువుతారు. పోస్టర్ మీద, ఇన్‌స్టాగ్రామ్ హ్యాండిల్‌లో ఈ పేరు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటుంది కనుక ఈ లోపం చిన్నది కాదు.

వేటకు కూడా అదే దెబ్బ తగిలింది. veta అని రాస్తే మన ట ఎవరికీ వినపడదు. వెతికితే స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పే ఒక పాత సంస్థ పేరు వస్తుంది. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు చేపల వేట నిషేధం. హ్యాకథాన్ తేదీలు ఆ రోజుల్లోకి జరిగే అవకాశం ఉందని లెక్చరర్ చెప్పారు. "వేట" అని పెద్ద బ్యానర్ కట్టి మత్స్యకారులను పిలిచే సమయానికి వాళ్ల బోట్లు ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. ఇంత దగ్గరగా వచ్చిన పేరును వదలడానికి పిల్లలకు మనసొప్పలేదు. నాకూ అంతే.

అప్పుడు కాగితం మీదున్న వాక్యాన్నే మళ్లీ చదివాం. పడవకీ ఒడ్డుకీ మధ్య మాట. ఒకరు పిలవాలి, రెండోవాళ్లు పలకాలి. పిలిచి పలికే మాట సముద్రం దగ్గర ఏముందని అడిగాను. ఒక అమ్మాయి, భీమిలి నుంచి వచ్చే పిల్ల, "హైలెస్సా ఉంది కదా సార్" అంది.

నేను కాగితం మీద చేసుకున్న లెక్క ఇది. హైలెస్సాలో మూడే అక్షరాలు పలుకుతాయి. మొదటి "హై" దగ్గర గొంతు లేస్తుంది. "లెస్సా" మధ్య స్స దగ్గర ఊపిరి బిగుస్తుంది. చివరి "సా" నోరు తెరుచుకుని దూరం పోతుంది. ఇది వస్తువు పేరు కాదు, పని చేసేటప్పుడు అనేది. తెడ్డు వేసేటప్పుడు, వల లాగేటప్పుడు అందరి చేతులూ ఒకేసారి కదలడానికి అంటారు. నేర్పక్కర్లేదు, తెలుగు పిల్లలందరికీ తెలుసు. విభక్తులు చక్కగా అతుకుతాయి: హైలెస్సాకి, హైలెస్సాలో. ఇంగ్లీషు అక్షరాల్లో Hailessa. ఎనిమిది అక్షరాలు, ట-త గొడవ లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఒకరంటే మిగతావాళ్లు అందుకునే మాట కావడం వల్ల థీమ్ పేరు అర్థంలోనే కాదు, పేరును పలికే తీరులోనే ఉంది.

ఖాయం చేసే ముందు పిల్లల్ని తీసుకుని పెద జాలారిపేట వెళ్లాను. ఒక సమూహం తమ పనిలో వాడే మాటను మనం బ్యానర్ మీద పెట్టుకుంటున్నప్పుడు వాళ్లను అడగాలి. మర్యాద అదే, పైగా మనకు తెలియని కోణం బయటపడుతుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు సంగతి చెప్పాం. ఆయన వల మీది నుంచి కళ్లు ఎత్తకుండానే, "ఒక్కడు అనీది కాదు బాబూ అది. ఒకడంటే మిగతావోళ్లు అందుకోవాల. అందుకోపోతే వల ఒకపక్కకి పోతాది" అన్నారు. పేరు పెట్టుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. "పిలిస్తే వస్తాం" అని కూడా అన్నారు. ఆయన మాటల వల్ల ప్రారంభ కార్యక్రమం రూపం మారింది. స్టేజీ మీది యాంకర్ ఒక్కడే అరవడం తీసేసి, పిలుపు స్టేజీ నుంచి, జవాబు హాల్ నుంచి వచ్చేలా రాశాం.

అంతా బాగున్న పేరులోనూ లోపాలు వెతకాల్సిందే. ముందు వెతుకులాట పరీక్ష. యూట్యూబ్‌లో, గూగుల్‌లో ఆ మాట కొడితే సినిమా పాటలే పేజీల కొద్దీ వస్తాయి. కాలేజీ రిజిస్ట్రేషన్ పేజీ వాటిని దాటి పైకి రావడం అసాధ్యం. రెండోది, పేరు మాత్రమే విన్న పిల్లల్ని "ఇది ఏం కార్యక్రమం?" అని అడిగించాం. చేపలు, పడవ, వల అన్నవాళ్లు ఎక్కువ, అది మంచిదే. కానీ జానపద నృత్యం అనుకున్నవాళ్లూ ఉన్నారు. సాంస్కృతిక విభాగం ఫెస్ట్‌లో అలాంటి అంశం ఏటా ఉంటుంది కాబట్టి వాళ్ల ఊహ సహజమే. ఈ రెండు లోపాలకూ ఒకటే మందు దొరికింది, పక్కన "హ్యాక్" పెట్టడం. రెండు మాటలూ హ-తో మొదలవుతాయి. మొదటిది తెరుచుకుని ముగుస్తుంది, రెండోది "క్" దగ్గర ఠక్కున ఆగుతుంది. రెండూ కలిపి వెతికితే పాటలు పక్కకు పోతాయి. హ్యాండిల్ hailessahack, పన్నెండు అక్షరాలు. ఇన్‌స్టాగ్రామ్ ముప్పై దాకా ఒప్పుకుంటుంది. మధ్యలో గీత పెట్టవద్దని చెప్పాను, హైఫన్ దగ్గర హ్యాష్‌ట్యాగ్ తెగిపోతుంది.

తర్వాత ఫోన్ పరీక్ష. ఇది ఖర్చు లేనిది, అయినా చాలామంది చేయరు. వేరే కాలేజీలో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేసి, పేరు ఒక్కసారి చెప్పి, విన్నదాన్ని వాట్సాప్‌లో టైప్ చేసి పంపమనాలి. స్పెల్లింగ్ చెప్పకూడదు. hailesa, hylessa, hilessa, ailesa అన్నీ వచ్చాయి. తెలుగు మాటను ఇంగ్లీషులో రాస్తే ఇది తప్పదు. అసలు స్పెల్లింగ్ ఒకటే ఉంచి, మిగతావాటిని రిజిస్ట్రేషన్ పేజీ వివరణలో చేర్పించాం. వెతికేవాడు ఏది కొట్టినా దొరకాలి. పోస్టర్ మీద తెలుగు అక్షరాలు పెద్దగా, ఇంగ్లీషు వాటి కింద.

పోస్టర్ దగ్గర ఒక విషయం బయటపడింది. డిజైన్ చేస్తున్న కుర్రాడు Hailessaలో రెండు, మూడు అక్షరాలు A, I అని గమనించి వాటిని నారింజ రంగులో పెట్టాడు. ఈ రోజుల్లో ఆ రెండు అక్షరాలకు ఉన్న ఆకర్షణ తెలిసిందే. స్క్రీన్ మీద దగ్గరగా చూస్తే బాగానే ఉంది. నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే రంగు అక్షరాల తర్వాత less కనబడి, మొత్తం "AI less" అని చదువుకుంటోంది కన్ను. టెక్ పోటీకి అది పూర్తిగా వ్యతిరేకార్థం. అక్షరాలన్నీ ఒకే రంగులోకి మార్పించాం. పేరు నోటికి బాగుంటే సరిపోదు. పెద్దక్షరాల్లో, చిన్నక్షరాల్లో, రంగుల్లో, టీషర్ట్ వీపు మీద వేసి, దూరం నుంచి చూడాలి. ఇలాంటి దాగిన మాటలు అప్పుడే కనబడతాయి.

ఈ పేరుకు ఒక హద్దు ఉంది, అది కాలేజీకి ముందే చెప్పాను. "పడవకీ ఒడ్డుకీ మధ్య మాట" అనే అసలు థీమ్‌ను ఒట్టి పేరు విని ఎవరూ ఊహించలేదు. చేపల వేట దాకా వచ్చి ఆగారు. మూడు అక్షరాల మాట అంతకంటే మోయలేదు. మిగతాది పేరు కింద ఉండే పంక్తి మోయాలి. అందుకని "పడవకీ ఒడ్డుకీ మధ్య మాట: 30 గంటల హ్యాకథాన్" అనే వరుసను పేరు నుంచి ఎక్కడా విడదీయవద్దని రాసిచ్చాను. బరంపురం వైపు నుంచి వచ్చే ఒడియా పిల్లలకు, హాస్టళ్లలోని ఇతర రాష్ట్రాల వాళ్లకు పేరు కొత్త కాబట్టి ఆ పంక్తి ఇంగ్లీషులోనూ ఉండాలి. వాళ్లకు అర్థం ఆ పంక్తి చెబుతుంది. ఊపు మాత్రం శబ్దమే ఇస్తుంది, దానికి తెలుగు రానక్కర్లేదు.

రిజిస్ట్రేషన్ ఫారంలో "మీరు ఏ సమస్య మీద పని చేయాలనుకుంటున్నారు? ఒక వాక్యంలో రాయండి" అనే గడి పెట్టించాను. పేరు, దాని కింది పంక్తి పని చేశాయో లేదో కొలవడానికి నాకు దొరికే నమ్మకమైన సాధనం అదే. చాలా టీమ్‌లు సిగ్నల్ లేని చోట మెసేజ్ పంపడం గురించి, ఆపదలో ఉన్న బోటు ఆచూకీ గురించి రాశాయి. లైట్‌హౌస్ టూరిజం యాప్ లాంటివీ వచ్చాయి. అవి ఎక్కడివని చూస్తే, కింది పంక్తి కోసేసి పేరు మాత్రమే ఉన్న వాట్సాప్ స్టేటస్ చూసి వచ్చినవి. తర్వాత పంపిన బొమ్మల్లో ఆ పంక్తిని పేరు అక్షరాలకు ఆనించి పెట్టారు, కత్తిరిస్తే పేరు కూడా తెగేలా.

వచ్చే ఏడాదికి "హైలెస్సా 2.0" అని పెట్టాలని క్లబ్ వాళ్లు ఇప్పటికే అడుగుతున్నారు. సంఖ్య తగిలించవద్దన్నాను, ఏడాది చాలు. థీమ్ సముద్రం దగ్గరే ఉంటే పేరు ఇదే ఉండనివ్వండి. అరకు కాఫీ తోటల మీదికో, స్టీల్ ప్లాంట్ మీదికో వెళ్తే మాత్రం దీన్ని పక్కన పెట్టి, మళ్లీ ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ల కాగితంతో రమ్మన్నాను.